గానుగ కొనేముందు కళ్లం చూడాలి: నాలుగెకరాల వేరుశనగ నూనె లెక్క

వారసత్వంగా మూడు నాలుగు ఎకరాలు చేతికొచ్చినవాళ్లు, పంటను పచ్చిగా అమ్ముకోవడం ఇక చాలనుకోగానే మొదట వెతికేది యంత్రాన్ని. వేరుశనగ పండే నేలైతే గానుగ మీదికి మనసు పోతుంది. దాని ధర కనుక్కుంటారు, అప్పు ఎక్కడ పుడుతుందో చూస్తారు, సీసా మీద ఏం పేరు వేయాలో కూడా అనుకుంటారు. ఆ పొలంలో పండేది గానుగను ఎన్ని రోజులు నడిపిస్తుందన్న లెక్క మాత్రం యంత్రం ఇంటికొచ్చాక గానీ వేయరు. అదే లెక్క ముందు వేసుకుంటే ఏం కొనాలి, ఎక్కడ డబ్బు పెట్టాలి, ఎవరికి అమ్మాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబులు మారిపోతాయి. అందుకే ఇక్కడ వేరుశనగ నూనె ఒక్కదాన్నే తీసుకుని చివరిదాకా చూద్దాం.

నాలుగెకరాలు ఉందనుకుందాం. నాలుగింటిలోనూ ఏటా వేరుశనగే వేయడం కుదరదు. ఒకే నేలలో మళ్లీ మళ్లీ వేస్తే మొదలుకుళ్లు లాంటి నేల తెగుళ్లు పేరుకుపోతాయి, కాయకు పట్టే శిలీంధ్రాలూ మట్టిలో పెరుగుతాయి. మధ్యలో జొన్న, మొక్కజొన్న లాంటి గడ్డిజాతి పంట తిప్పాలి. కాబట్టి ఏ ఏడాదైనా వేరుశనగ కింద ఉండేది రెండెకరాలు. ఎకరాకు 800 కిలోల ఎండు కాయలు వచ్చాయనుకుంటే మొత్తం 1,600 కిలోలు. అందులో వచ్చే ఏడాది విత్తనానికి 200 కిలోలు పక్కన పెడితే 1,400 కిలోలు మిగులుతాయి. కాయ ఒలిస్తే పప్పు సుమారు 70 శాతం, అంటే 980 కిలోలు. నొక్కులు, పుచ్చులు, రంగు మారినవి ఏరేస్తే పదో వంతు పోయి దాదాపు 880 కిలోలు గానుగకు వెళ్తాయి.

పప్పులో నూనె 48 శాతం దాకా ఉన్నా చిన్న గానుగ దాన్నంతా పిండలేదు. వంద కిలోల పప్పు ఆడిస్తే 40 కిలోల నూనె వస్తుంది, మిగతా 8 కిలోలు పిండగా మిగిలే చెక్కలోనే ఉండిపోతాయి. మన 880 కిలోలకు వచ్చేది 352 కిలోల నూనె. వేరుశనగ నూనె లీటరు బరువు కిలో కంటే తక్కువ, 910 గ్రాముల దాకా ఉంటుంది కాబట్టి ఇది 386 లీటర్లు. తరుగు పోను పక్కన 510 కిలోల చెక్క. ఇది రెండెకరాల ఏడాది ఫలితం. విత్తిన రకాన్ని బట్టి, వానను బట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి గానీ నిష్పత్తి పెద్దగా మారదు.

ఇప్పుడు గానుగ వైపు నుంచి చూద్దాం. మోటారుతో తిరిగే చిన్న రోకలి గానుగలో ఒక వాయికి 15 కిలోల పప్పు పోస్తారనుకుందాం. 880 కిలోలంటే 59 వాయిలు. తుడుచుకోవడానికి, చెక్క తీయడానికి పట్టే సమయం కలుపుకుని రోజుకు ఐదు వాయిలు ఆడినా పన్నెండు రోజుల్లో పని అయిపోతుంది. మిగతా మూడు వందల యాభై రోజులూ యంత్రం మూల నిలబడి ఉంటుంది. అప్పు వాయిదా మాత్రం నెల నెలా వస్తూనే ఉంటుంది. ఖాళీగా ఉంచలేక బయట పప్పు కొని ఆడించడం మొదలుపెడతారు. అక్కడితో వ్యాపారం స్వరూపమే వేరైపోతుంది. అది ఇక పొలం ఉన్నవాడి వ్యాపారం కాదు. పప్పు కొని నూనె అమ్మే ప్రతి మిల్లుతోనూ పోటీ పడాలి. ఆ పోటీలో నాలుగెకరాలు ఉన్నందువల్ల ఒరిగేది ఏమీ లేదు.

అదే లెక్కలో ఇంకో అంకె ఉంది, చాలామంది దాన్ని చూడరు. ఒక ఇంట్లో నెలకు రెండు లీటర్ల నూనె వాడతారనుకుంటే ఏడాదికి 24 లీటర్లు. 386 లీటర్లను 24తో భాగిస్తే పదహారు. రెండెకరాల నూనె మొత్తం పదహారు ఇళ్లకు సరిపోతుంది. దీనికి బ్రాండు అక్కర్లేదు, అంగడి అక్కర్లేదు, ప్రకటన అక్కర్లేదు. కావలసిందల్లా ప్రతి నెలా నూనె అందుకుని, నచ్చి మళ్లీ అడిగే పదహారు కుటుంబాలు. చుట్టాలు, తెలిసినవాళ్లలోనే అంతమంది దొరకవచ్చు. అయితే వాళ్లు రెండో ఏడూ మూడో ఏడూ నిలవాలంటే నూనెలో మిల్లు సరుకులో దొరకనిది ఏదో ఉండాలి. అది యంత్రం వల్ల రాదు. పప్పు ఎవరు తెచ్చి పోసినా గానుగ ఒకేలా ఆడుతుంది.

కాయ సంతకు రాకముందు జరిగిన మూడు విషయాలను మిల్లువాడు మార్చలేడు. ఏ రకం విత్తారు, చివరి నెలలో నేల ఎలా ఉంది, పీకిన తర్వాత కాయ ఎలా ఎండింది. సొంత పొలం ఉన్నవాడి చేతిలో ఈ మూడూ ఉంటాయి. వీటిలో అన్నిటికంటే బరువైనది ఎండబెట్టడమే. ఎందుకంటే వేరుశనగకు ఉన్న అసలు ప్రమాదం అక్కడే పుడుతుంది.

1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్ల పిల్లలు కొద్ది నెలల్లో చనిపోయాయి. మొదట అంటురోగం అనుకున్నారు. వెతుక్కుంటూ పోతే దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గర ఆగారు. అది బ్రెజిల్ నుంచి వచ్చిన సరుకు. దానికి పట్టిన ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు ఒక విషాన్ని తయారు చేస్తుందని తేలింది. ఆ బూజు పేరులోని అక్షరాలు కలిపే దానికి అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టారు. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మనుషులకు క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారణ అయిన పదార్థాల జాబితాలో ఉంది. వంట వేడికి అది పోదు. నూనె కాగే వేడి దాన్ని విరగ్గొట్టడానికి చాలదు.

ఈ విషం గురించి చిన్న గానుగ పెట్టాలనుకునేవాళ్లు గట్టిగా పట్టుకోవలసిన విషయం ఒకటుంది. పెద్ద కర్మాగారాల్లో పప్పు నుంచి తీసిన నూనెను క్షారంతో కడిగి, రంగు పీల్చే మట్టితో శుభ్రం చేస్తారు. ఆ శుద్ధిలో అఫ్లటాక్సిన్ దాదాపు పూర్తిగా పోతుంది. అందుకే వ్యాపారంలో తిండికి పనికిరాని పప్పును నూనెకు పంపే అలవాటు ఎప్పటినుంచో ఉంది. గానుగ నూనెకు ఈ శుద్ధి ఉండదు, ఉండకూడదనే దాన్ని కొంటారు. విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే ఉండిపోయినా, కొంత నూనెతోపాటు, ముఖ్యంగా నూనెలో తేలే సన్నటి పప్పు పొడితోపాటు బయటికి వస్తుంది. శుద్ధి చేయని నూనె కాబట్టి ఆరోగ్యానికి మేలు అని చెప్పి అమ్మేవాడు, పుచ్చు పప్పును "నూనెకు పోతుందిలే" అని గానుగలో వేస్తే, మిల్లు నూనె కంటే ప్రమాదకరమైనది అమ్ముతున్నట్టు. ఏరేసిన ఆ వంద కిలోల పప్పును చూసి ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. అయినా అది గానుగకు వెళ్లకూడదు, పశువులకు వెళ్లకూడదు, సంతకూ వెళ్లకూడదు.

బూజు ఎక్కడ పడుతుందో తెలిస్తే ఎక్కడ కాపలా ఉండాలో తెలుస్తుంది. మొదటి దఫా నేలలోనే. ఊడలు దిగి కాయలు గట్టిపడుతున్న చివరి మూడు నుంచి ఆరు వారాల్లో బెట్ట పడి, నేల వేడెక్కితే, మొక్క తనను తాను కాపాడుకునే శక్తి తగ్గుతుంది. కాయ మట్టిలో ఉండగానే శిలీంధ్రం లోపలికి పోతుంది. చెదలు, వేరు పురుగు కొరికిన కాయల్లో అది ఇంకా తేలిక. నీటి వసతి ఉన్నవాళ్లు ఆ వారాల్లో ఒకటి రెండు తడులు ఇవ్వగలిగితే, తర్వాత చేసే ఏ పనికంటే అది ఎక్కువ ఫలితం ఇస్తుంది. వర్షాధారమైతే చేయగలిగేది తక్కువ. బెట్టకు ఎండిపోయిన జాగాల్లోని మొక్కలను విడిగా పీకి, విడిగా ఉంచి, నూనెకు కలపకుండా చూసుకోవాలి. పొలాన్ని ఎరిగినవాడికి ఆ జాగాలు ఎక్కడుంటాయో తెలుసు. సంతలో బస్తా కొన్నవాడికి తెలిసే దారి లేదు.

రెండో దఫా కళ్లంలో. పీకినప్పుడు పప్పులో తేమ 40 శాతం దాకా ఉంటుంది. 8 శాతానికి దిగితే బూజు పెరగలేదు. అంత పచ్చిగా ఉన్నప్పుడు బతికి ఉన్న గింజ కొంత తట్టుకుంటుంది. బాగా ఎండాక నీళ్లు లేక బూజే నిలబడదు. ఈ రెండిటి మధ్య దశ ఎన్ని రోజులు సాగితే ప్రమాదం అంత పెరుగుతుంది. కాబట్టి ఎండబెట్టడం అంటే ఆ మధ్య దశను వీలైనంత త్వరగా దాటించడం. అయితే మరీ తొందరా పనికిరాదు. మండుటెండలో నల్లటి పట్టా మీద పలుచగా పోసి వదిలేస్తే పైతోలు ఊడిపోయి పప్పు బద్దలవుతుంది, రుచి మారుతుంది. వేడి గాలితో ఆరబెట్టేవాళ్లు గాలి వేడి 35 డిగ్రీలు దాటనివ్వరు.

ఆచరణలో ఇది రెండు మెట్లుగా సాగుతుంది. మొక్కలు పీకాక మట్టి దులిపి, కాయలు పైకి, ఆకులు కిందికి ఉండేలా తిరగేసి వరసలుగా పెట్టాలి. కాయలు నేలకు తగలకుండా గాలికి ఆరుతాయి. పొడి వాతావరణంలో రెండు మూడు రోజుల్లో తేమ సగానికి దిగుతుంది. అప్పుడు కాయ తుంచి, మట్టికి తగలకుండా ఎత్తుగా బిగించిన వల మీదో, శుభ్రమైన పట్టా మీదో నాలుగైదు సెంటీమీటర్ల మందంలో పరిచి, రోజుకు మూడు నాలుగు సార్లు తిరగేస్తూ ఉండాలి. రాత్రి మంచు పడకుండా కప్పాలి. ఇక్కడే ఎక్కువమంది పొరపడేది. సాయంత్రం వేడి మీదున్న కాయలను కుప్ప చేసి దాని మీద ప్లాస్టిక్ పట్టా బిగిస్తే, లోపలి తేమ పైకి లేచి పట్టా లోపలి వైపు చెమటలా పట్టి తిరిగి కాయల మీదే రాలుతుంది. పొద్దున పట్టా తీయగానే పై వరస కాయలు చల్లగా, చేతికి తడిగా తగులుతాయి. ఒక రోజంతా పోగొట్టిన తేమ ఒక్క రాత్రిలో వెనక్కి వచ్చినట్టే. కుప్పకూ పట్టాకూ మధ్య గాలి ఆడే జాగా వదలాలి. కర్రల మీద పందిరిలా కప్పితే సరిపోతుంది.

కాయ ఎండిందో లేదో గలగల చప్పుడుతో, పైతోలు రుద్దితే ఊడటంతో చూడటం అందరికీ అలవాటే. అవి 12 శాతం దగ్గరే మొదలవుతాయి, 8కి దిగినట్టు చెప్పలేవు. తేమ కొలిచే చిన్న పరికరం ఉంటే మంచిది. లేకపోతే గ్రాముల దాకా చూపే తక్కెడ చాలు. వేర్వేరు చోట్ల నుంచి తీసిన కాయల పప్పు 100 గ్రాములు కచ్చాపచ్చాగా దంచి, 105 డిగ్రీల ఓవెన్‌లో పెట్టి, బరువు ఇక తగ్గడం ఆగేదాకా ఉంచాలి. 92 గ్రాములు మిగిలితే తేమ 8 శాతం. 90 మిగిలితే ఇంకో రెండు రోజులు ఎండాలి. ఈ చిన్న పరీక్ష తప్పనిసరిగా చేయాలి. సంచుల్లో పోసిన తర్వాత ఒక బస్తా వేడెక్కిందంటే అప్పటికే ఆలస్యమైంది.

ఎండిన కాయను ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. యంత్రం సొంతంగా ఉన్నవాళ్లకు మొత్తం ఒకేసారి ఆడించి డ్రమ్ముల్లో నింపేయాలని ఉంటుంది. అది తప్పు దారి. పొట్టులో ఉన్న గింజ నెలల తరబడి నిలుస్తుంది. నూనెగా మారిన క్షణం నుంచి గాలి, వెలుతురు దాన్ని తినడం మొదలుపెడతాయి. కాబట్టి నిల్వ చేయవలసింది కాయను, నూనెను నెల నెలా ఆడించుకోవాలి. మన లెక్కలో 1,400 కిలోల కాయలను పన్నెండుతో భాగిస్తే నెలకు 117 కిలోలు. ఒలిచి ఏరితే 73 కిలోల పప్పు, అంటే ఐదు వాయిలు, అంటే ఒక్క రోజు పని. నెలకు ఒక రోజు ఎవరి గానుగలోనైనా కిరాయికి ఆడించుకుంటే సరిపోయే పనికి యంత్రం కొనడం ఎందుకో ఆలోచించాలి. ఆ డబ్బులో చిన్న భాగంతో ఎండబెట్టే వలలు, కప్పే పట్టాలు, తేమ కొలిచే పరికరం, నిల్వకు మంచి సంచులు వస్తాయి.

నిల్వలో శత్రువు పురుగు. పొట్టులో ఉన్న వేరుశనగను కూడా తొలిచే పెంకు పురుగు ఉంది. కాయ మీద గుండ్రటి చిల్లి కనబడితే పురుగు బయటికి వచ్చేసిందని అర్థం. దీనికి మందు జల్లనక్కర్లేదు. గాలి చొరని పొరలున్న సంచుల్లో బిగించి కడితే లోపలి ప్రాణవాయువు తగ్గిపోయి పురుగులు చచ్చిపోతాయి. బొబ్బర్లను కాపాడటానికి అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు కామెరూన్‌లో పనిచేస్తూ రూపొందించిన మూడు పొరల సంచి ఇలాంటిదే. అయితే ఒక షరతు ఉంది. తడి ఉన్న కాయను అందులో బిగిస్తే తేమ బయటికి పోయే దారి ఉండదు. 8 శాతం పరీక్ష అయ్యాకే మూతి కట్టాలి. అలాగే నెలకు సరిపడా ఒక సంచి చొప్పున కట్టుకుంటే ఒకటి విప్పినప్పుడు మిగతావి కదలవు.

ఆడించే ముందు రోజు ఏరడం. యంత్రాల ముచ్చటలో దీనికి ఎవరూ విలువ ఇవ్వరు గానీ నూనె నాణ్యత ఎక్కువగా ఆధారపడేది దీని మీదే. అఫ్లటాక్సిన్ పప్పు అంతటా సమానంగా ఉండదు. వేలల్లో ఒకటి రెండు గింజల్లో విపరీతంగా ఉండి మిగతావాటిలో అసలు ఉండకపోవచ్చు. అందుకే ఆ కొద్ది గింజలు తీసేయగలిగితే వాయి అంతా మారుతుంది. తెల్లటి బల్ల మీద, పగటి వెలుతురులో, పలుచగా పరిచి చూడాలి. ముడుతలు పడి చిన్నగా మిగిలిన నొక్కు, నల్లబడ్డ లేదా పసుపు తిరిగిన తోలు, పురుగు కొరికిన అంచు, తోలు పగిలి లోపలి తెలుపు కనబడేది, ఇవన్నీ తీసేయాలి. పైకి బాగున్నట్టే ఉన్నా తోలు కాస్త మసకబారిన గింజను రెండు బద్దలుగా విప్పితే, మధ్య గుంటలో పసుపుపచ్చ పొడి దాక్కుని ఉండవచ్చు. ప్రతి నెలా ఒక గుప్పెడు మంచి గింజలను కూడా ఇలా విప్పి చూడటం అలవాటు చేసుకుంటే ఆ సంచి సంగతి తెలుస్తుంది. వందలో ఒకదానిలోనైనా పొడి కనబడితే ఆ సంచిని నూనెకు వాడకపోవడమే మేలు.

కిరాయి గానుగలో ఇంకో జాగ్రత్త ఉంది. మన ముందు ఎవరు ఏం ఆడించారో గానుగ గోడలకు అంటుకుని ఉంటుంది. ఆవాలో నువ్వులో అయితే వాసన వస్తుంది. చెడ్డ వేరుశనగే అయితే ఏ వాసనా రాదు. పొద్దున మొదటి వాయిగా మన సరుకు పోయించుకోవాలి, అంతకుముందు గిన్నె, రోకలి గీకి శుభ్రం చేయించుకోవాలి, మొదట వచ్చే లీటరో రెండో పక్కన పెట్టాలి. పప్పు తేమ ఇక్కడా కనబడుతుంది. మరీ ఎండిపోయి 5 శాతం కంటే దిగితే చెక్క పట్టుకోక పొడిపొడిగా రాలుతుంది, నూనె మడ్డిగా వస్తుంది. తేమ ఎక్కువైతే పప్పు రోకలి కింద ముద్దలా జారుతుంది గానీ నలగదు, నూనె తెల్లగా మసకగా ఉంటుంది.

వచ్చిన నూనెను మూడు నాలుగు రోజులు కదపకుండా ఉంచి, తేరిన పైభాగాన్ని వడకట్టాలి. అడుగున చేరే మడ్డిలో పప్పు పొడి, కాస్త తేమ ఉంటాయి. విషం ఉంటే అదీ అక్కడే ఎక్కువ. ఆ మడ్డిని చివరి సీసాలోకి వంచేయాలన్న ఆశను వదులుకోవాలి. నూనెను స్టీలు పాత్రల్లోనే ఉంచాలి, రాగి, ఇనుము తగిలితే త్వరగా చెడుతుంది. సీసాలు వెలుతురు చొరనివి అయి, మూతి దాకా నిండి ఉండాలి. కనరు వాసన మొదలైందంటే నూనె చెడటం ఎప్పుడో మొదలైంది. ముక్కుకు తెలిసేది చివరి దశలోనే.

ఈ చెడటం ఎంత త్వరగా మొదలవుతుందన్నది విత్తనం నాడే చాలావరకు తేలిపోతుంది. మామూలు వేరుశనగ నూనెలో సగం దాకా ఓలీక్ ఆమ్లం, మూడో వంతు దాకా లినోలీక్ ఆమ్లం ఉంటాయి. గాలికి చెడేది ముఖ్యంగా రెండోది. 1987లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఓలీక్ ఆమ్లం 80 శాతం, లినోలీక్ ఆమ్లం 2 శాతం మాత్రమే ఉన్న ఒక వేరుశనగ వరసను ప్రకటించారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఓలీక్ ఎక్కువగా ఉన్న రకాలు దాని వారసత్వంతోనే ఉన్నాయి. వాటి నూనె మామూలు నూనె కంటే చాలా ఎక్కువ కాలం కనరెక్కకుండా ఉంటుంది. అలాంటి రకాన్ని సంతలో చూసి కొనలేం, ఎందుకంటే పప్పు చూస్తే తేడా తెలియదు. విత్తనం దగ్గర నుంచి వేరుగా ఉంచుకున్నవాడికే దాని లాభం. రెండెకరాలు ఉన్నవాడికి ఇది పెద్ద మిల్లు మీద నిజమైన ఆధిక్యం. మామూలు రకం పక్కన వేయకుండా, కళ్లంలో కలవకుండా చూసుకుంటే చాలు.

చెక్క సంగతి చాలామంది ఒక్క మాటలో తేల్చేస్తారు, పశువులకు పోతుందని. కానీ పప్పులో ఉన్న విషంలో ఎక్కువ భాగం చెక్కలో మిగిలినప్పుడు దాని సాంద్రత పెరుగుతుంది. పప్పులో కిలోకు 15 మైక్రోగ్రాములు ఉందనుకుందాం. తినే ముందు ఇంకా ఏరి శుభ్రం చేయవలసిన వేరుశనగకు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన హద్దు అది. వంద కిలోల పప్పులోని విషమంతా 60 కిలోల చెక్కలోనే మిగిలితే చెక్కలో అది కిలోకు 25 మైక్రోగ్రాముల దాకా చేరుతుంది. పాడి పశువు తింటే అందులో కొంత రూపం మార్చుకుని పాలలోకి వస్తుంది. అందుకే ఆడించిన తర్వాత చెక్కలోంచే నమూనా తీసి పరీక్షకు పంపడం మంచి పద్ధతి అనిపిస్తుంది. గింజలుగా ఉన్నప్పుడు ఏ గుప్పెడు తీసినా విషం ఉన్న గింజ అందులో పడకపోవచ్చు. గానుగలో నలిగి కలిసిపోయాక నాలుగైదు చోట్ల తీసిన చెక్క పొడి ఆ వాయి మొత్తం గురించి చెబుతుంది. చెక్క శుభ్రంగా ఉంటే నూనె గురించి కూడా ధైర్యంగా ఉండవచ్చు. చెక్కలో హద్దు దాటితే ఆ నెల నూనె ఎవరికీ ఇవ్వకూడదు.

ధర ఎలా కట్టాలన్న ప్రశ్నకు కూడా పైన వేసిన లెక్కే జవాబు చెబుతుంది. 1,400 కిలోల కాయలకు 386 లీటర్లు వచ్చాయి కాబట్టి లీటరు నూనె వెనుక 3.6 కిలోల కాయలు ఉన్నాయి. ఆ రోజు సంతలో కాయ ధరను 3.6తో హెచ్చవేయాలి. లీటరుకు 1.3 కిలోల చెక్క వస్తుంది, దాని ధర తీసేయాలి. ఒలిచిన, ఏరిన కూలి, గానుగ కిరాయి, సీసా, పరీక్ష ఖర్చు, రవాణా కలపాలి. వచ్చింది కనీస ధర. దానికంటే తక్కువకు అమ్మితే కాయలే అమ్ముకోవడం మేలు. వారసత్వ భూమి ఉన్నవాళ్లు ఇక్కడ ఎక్కువగా తప్పుతారు. "కాయ మన పొలంలోదే కదా" అని దాని ధర లెక్కలో వేయరు, ఇంట్లోవాళ్లు ఏరిన రోజులకు కూలి వేయరు. అలా చూస్తే ప్రతి సీసాలోనూ లాభం కనిపిస్తుంది. నిజానికి పొలం సంపాదించిన దాన్నే గానుగ తింటూ ఉంటుంది. ఇంకా ఈ కనీస ధర కంటే చవకగా గానుగ నూనె ఎక్కడైనా దొరుకుతుంటే, అందులో ఏ పప్పు పోసి ఉంటారో ఊహించవచ్చు. ఆ ధరతో పోటీకి దిగకూడదు.

భూమి వారసత్వంగా వచ్చిందన్న విషయం ఇంకో చోట కూడా అడ్డం వస్తుంది. తోబుట్టువుల మధ్య పంపకం కాని నేలలో సిమెంటు కళ్లం, షెడ్డు కడితే అవి ఎవరి వాటాలో పడతాయో ఎవరికీ తెలియదు. ఒకరు వాటా అమ్మేస్తే కట్టడంతో సహా పోతుంది. ఒప్పందం కాగితం మీదికి వచ్చేదాకా విప్పి తీసుకెళ్లగలిగిన వాటి మీదే డబ్బు పెట్టడం తెలివైన పని. వలలు, పట్టాలు, కర్రలు, తక్కెడ, సంచులు ఏ పొలానికైనా మోసుకెళ్లవచ్చు. ఎండబెట్టడానికి సిమెంటు నేల తప్పనిసరి కాదు, నేలకు ఎత్తుగా కట్టిన వల దానికంటే బాగా పనిచేస్తుంది. నూనె అమ్మకానికి కావలసిన అనుమతులు ఒక్కో చోట ఒక్కో రకం, వాటిని మొదటి సీసా నింపకముందే తెలుసుకోవాలి. వేరుశనగ కొందరికి ప్రాణాంతకమైన అలర్జీ కలిగిస్తుంది, అందుకే శుద్ధి చేయని ఈ నూనె సీసా మీద ఆ మాట స్పష్టంగా రాయాలి.

మరి గానుగ ఎప్పుడు కొనాలి? పదహారు ఇళ్లు పోయి నలభై ఇళ్లు అడుగుతున్నప్పుడు సరుకు చాలదు, పక్క పొలాల కాయ కావలసి వస్తుంది. అప్పుడు కొనవలసింది బస్తాలను కాదు, ఎండబెట్టే పద్ధతిని. అదే విత్తనం ఇచ్చి, కాయలు పచ్చిగా ఉన్నప్పుడే తెచ్చుకుని మన వలల మీద ఎండబెట్టుకోవచ్చు. లేదా వాళ్ల కళ్లంలోనే మన తక్కెడతో తేమ చూసి, 92 గ్రాములు మిగిలిన కాయనే తీసుకోవచ్చు. ఎండిపోయి బస్తాలో కట్టిన కాయ ఎంత అందంగా ఉన్నా, అది కళ్లంలో ఎన్ని రాత్రులు పట్టా కింద చెమట పట్టిందో బయటి నుంచి చూసి చెప్పలేం. అలా నమ్మదగిన కాయ ఏడాదికి ఏడెనిమిది వేల కిలోలు చేరితే గానుగ రోజులు పన్నెండు నుంచి అరవై దాటుతాయి. కిరాయి ఖర్చునూ వాయిదానూ పక్కపక్కన పెట్టి చూసుకోవలసిన రోజు అది.